ఎనభై అంటే ఎన్ని?

2020 మొదట్లో ఆస్ట్రేలియాలోని టూవూంబా అనే ఊళ్లో ఒక ఇంటి ముందు టాయిలెట్ పేపర్ పెట్టెలు దిగడం మొదలైంది. ఎంతసేపటికీ ఆగలేదు. ఆ ఇల్లాలు ఆన్‌లైన్‌లో కోరుకున్నది 48 రోల్స్ పట్టే పెట్టె ఒకటి. ఎన్ని కావాలని అడిగిన గడిలో ఆమె 48 అని కొట్టారు. ఆ గడి అడిగింది రోల్స్ సంఖ్య కాదు, పెట్టెల సంఖ్య. 48 పెట్టెలు, పెట్టెకు 48 చొప్పున, మొత్తం 2,304 రోల్స్ ఇంటికొచ్చాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే కరోనా భయంతో దుకాణాల్లో టాయిలెట్ పేపర్ కరువై, ఆ కుటుంబం వార్తల్లోకెక్కింది. ఇక్కడ లెక్క తప్పినవాళ్లు ఎవరూ లేరు. సంఖ్య పక్కన ఉండాల్సిన మాట లేకపోవడమే జరిగింది.

ఆ మాట పేరు యూనిట్. కార్టన్, డజను, ట్రే, బస్తా, టిన్ను, కిలో, పీసు... కొనుగోలు షీటులో ఇవన్నీ పక్కపక్కనే కూర్చుంటాయి. హోటళ్లు, హాస్టల్ మెస్‌లు, క్యాటరింగ్ వాళ్లు, కిరాణా కొట్లు, చివరికి పెళ్లి సరుకుల జాబితా రాసే ఇంటి పెద్దలు కూడా రోజూ వీటి మధ్యే తిరుగుతుంటారు. కొనేది ఒక కొలతలో, నిల్వ చూసేది ఇంకో కొలతలో, వాడేది మూడో కొలతలో. మూడింటినీ ఒకే దారంలో గుచ్చకపోతే ఒక వారం గుడ్లు మిగిలి కుళ్లుతాయి, మరో వారం అరటిపళ్లు చాలవు.

ఒక హాస్టల్ మెస్‌ని తీసుకుని చూద్దాం. పిల్లలు 240 మంది. వారానికి నాలుగు రోజులు మనిషికో గుడ్డు. అంటే 960 గుడ్లు. వంటమాస్టరు దీన్ని ఎనభై డజన్లుగా చెబుతాడు. మార్కెట్లో గుడ్లు ట్రేల్లో దొరుకుతాయి, ట్రేకి 30. టోకున పెట్టెల్లో వస్తాయి. ఏడు ట్రేలు పట్టే పెట్టె బాగా వాడుకలో ఉంది, అంటే 210 గుడ్లు. ధర మాట్లాడేటప్పుడు మళ్లీ లెక్క మారుతుంది. పత్రికల్లో రోజూ కనిపించే ఎన్‌ఈసీసీ రేటు వంద గుడ్లకి. ఒక్క గుడ్డుకే డజను, ట్రే, పెట్టె, వంద, పీసు అని అయిదు కొలతలు!

స్టోర్ కీపరు షీటులో గుడ్ల ఎదురుగా 80 అని మాత్రమే రాసి పంపాడనుకోండి. మర్నాడు వ్యాన్ వస్తుంది.

“ఎనభై ట్రేలు ఎక్కడ దించమంటారండీ?”

“ట్రేలేంటయ్యా, మేం చెప్పింది డజన్లు కదా!”

“కాగితం మీద ఎనభై అనే ఉందండీ. మేం ట్రేల లెక్కనే కదా వేసేది.”

ఎనభై ట్రేలంటే 2,400 గుడ్లు. కావలసినదానికి రెండున్నర రెట్లు. ఇంత పెద్ద తప్పయితే గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది కాబట్టి ఒకరకంగా నయమే. అసలు పీడ షీటు లోపల నిశ్శబ్దంగా జరిగే తప్పులతో. స్టాకు చూసినప్పుడు రెండు నిండు ట్రేలు, విడిగా 17 గుడ్లు ఉన్నాయనుకుందాం. షీటులో ఒక వరుసలో 2, కింది వరుసలో 17 రాస్తారు. అడుగున మొత్తం గడి వాటిని కూడి 19 చూపిస్తుంది. ఆ 19 గుడ్లూ కావు, ట్రేలూ కావు. కంప్యూటరుకి అది పట్టదు. అంకెలు కనిపిస్తే కూడటమే దాని పని. నిజానికి అక్కడున్నవి 77 గుడ్లు.

దీనికి విరుగుడు చాలాకాలంగా స్టోర్లు నడిపేవాళ్లకు తెలిసిందే. ప్రతి వస్తువుకీ ఒక మూల కొలత పెట్టుకోవాలి. ఆ వస్తువుని చివరికి ఏ కొలతలో వాడతామో అదే మూల కొలత అయితే మేలు. గుడ్డుకి పీసు, బియ్యానికి కిలో, సబ్బుకి పీసు. ఎవరు ఏ కొలతలో రాసినా సరే, పక్క కాలమ్‌లో షీటు దాన్ని మూల కొలతలోకి మార్చి చూపించాలి. కూడటం, తీసివేయడం, పోల్చడం అన్నీ ఆ ఒక్క కాలమ్‌లోనే జరగాలి. రాసే కాలమ్‌ని రాయడానికే వదిలేయాలి.

అందుకోసం అంకెనీ యూనిట్‌నీ వేర్వేరు గడుల్లో రాయడం మొదటి పని. “2 ట్రేలు” అని ఒకే గడిలో కొడితే అది అక్షరాల కిందికి పోతుంది, లెక్కకి రాదు. రెండో పని, గుణకాల పట్టిక. అదే ఫైలులో Units అనే మరో షీటు తెరిచి మూడు కాలమ్‌లు పెట్టాలి: వస్తువు, యూనిట్, ఆ యూనిట్‌లో మూల కొలతలు ఎన్ని. గుడ్డు, ట్రే, 30. గుడ్డు, పెట్టె, 210. గుడ్డు, డజను, 12. గుడ్డు, పీసు, 1. ఆఖరి వరుస వృథా అనిపిస్తుంది గానీ, అది లేకపోతే విడిగుడ్లు లెక్కలోంచి జారిపోతాయి. వస్తువు పేరు కాలమ్ కూడా తప్పనిసరి, ఎందుకంటే కార్టన్‌కి సొంతంగా ఒక విలువ లేదు. సబ్బుల కార్టన్ వేరు, బిస్కెట్ల కార్టన్ వేరు. ఎక్సెల్‌లో CONVERT అనే సూత్రం కిలోల్ని పౌన్లుగా మారుస్తుంది కానీ, మన కార్టన్‌లో ఎన్ని ప్యాకెట్లున్నాయో దానికి ఎవరు చెబుతారు?

ఆర్డర్ షీటులో A కాలమ్‌లో వస్తువు, Bలో అంకె, Cలో యూనిట్ ఉంటే D గడిలో ఈ సూత్రం చాలు. ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది.

```
=B2*SUMIFS(Units!C:C, Units!A:A, A2, Units!B:B, C2)
```

వస్తువూ యూనిట్ రెండూ కలిసిన వరుసని పట్టికలో వెతికి, అక్కడున్న గుణకంతో అంకెని హెచ్చిస్తుంది. దీనికి రెండు జబ్బులున్నాయి, రెండూ ముందే తెలిసి ఉండాలి. ఆ జత పట్టికలో లేకపోతే జవాబు సున్నా వస్తుంది. పట్టికలో “ట్రే” అని ఉండగా ఆర్డర్లో “ట్రేలు” అని కొట్టినా సున్నాయే, చివర కంటికి కనిపించని ఒక ఖాళీ ఉన్నా సున్నాయే. ఇది మంచి జబ్బు, చూడగానే దొరుకుతుంది. రెండోది దొంగ జబ్బు. ఒకే జత పట్టికలో పొరపాటున రెండుసార్లు పడితే రెండు గుణకాలూ కలిసి ట్రే 60 అయి కూర్చుంటుంది. అందుకే యూనిట్ గడిలో చేత్తో కొట్టనివ్వకుండా, జాబితాలోంచి ఎంచుకునే ఏర్పాటు చేయాలి. పట్టికలో కొత్త వరుస చేర్చే పని కూడా ఒక్కరి చేతిలోనే ఉంచడం మంచిది.

ఇప్పుడు గుడ్ల లెక్క పూర్తి చేద్దాం. కావలసినవి 960, ఉన్నవి 77, కొనాల్సినవి 883. ట్రేకి 30 చొప్పున భాగిస్తే 29.43. ట్రేలో ముక్క ఎవరూ ఇవ్వరు కాబట్టి పైకి సవరించి 30 ట్రేలు. ఏడేసి ట్రేలు ఒక పెట్టె కాబట్టి నాలుగు పెట్టెలు, రెండు విడి ట్రేలు. మొత్తం 900 గుడ్లు, పదిహేడు ఎక్కువ. పగిలినవాటికి అవి సరిపోతాయి. పెట్టెల్లోనే ఇస్తానని వ్యాపారి పట్టుబడితే అయిదు పెట్టెలు, 1,050 గుడ్లు తీసుకోవాలి. ఆ 167 ఎక్కువ గుడ్లు వచ్చే వారం లెక్కలో స్టాకుగా కనబడతాయా లేదా అన్నదే అప్పుడు చూసుకోవాల్సింది.

పైకి సవరించే సూత్రం ఇది. కావలసింది E గడిలో, స్టాకు Fలో, గుణకం Gలో ఉన్నాయనుకోవాలి.

```
=ROUNDUP(MAX(0, E2-F2)/G2, 0)
```

మధ్యలో ఆ MAX ఎందుకంటే, స్టాకు అవసరం కన్నా ఎక్కువ ఉంటే తీసివేత రుణసంఖ్య అవుతుంది. ROUNDUP దాన్ని సున్నా వైపు కాక ఇంకా అవతలికి తోసి, మైనస్ ఒక ట్రే ఆర్డరు పెట్టమంటుంది. ఇంకో సంగతి, సవరణ ఎప్పుడూ ఆఖరునే చేయాలి. మూడు బ్లాకుల నుంచి వందేసి గుడ్లకు ఇండెంట్లు వచ్చాయనుకోండి. దేనికది పైకి సవరిస్తే నాలుగేసి ట్రేలు, మొత్తం పన్నెండు. ముందు కలిపి తర్వాత సవరిస్తే 300 గుడ్లకి సరిగ్గా పది ట్రేలు. రెండు ట్రేలు, అరవై గుడ్లు ఊరికే ఎక్కువ వచ్చినట్టు.

ధర దగ్గరికి వచ్చేసరికి చాలామంది తడబడతారు. పరిమాణాన్ని మూల కొలతలోకి తెచ్చేటప్పుడు గుణకంతో హెచ్చిస్తాం, ధరని తెచ్చేటప్పుడు అదే గుణకంతో భాగించాలి. ఒకరు ట్రే 183 రూపాయలన్నారు, ఇంకొకరు వంద గుడ్లు 605 అన్నారు, మూడోవాళ్లు పెట్టె 1,270 అన్నారనుకుందాం. అంకెలు చూస్తే ట్రే వాళ్లే చవకలా ఉంటారు. భాగించి చూస్తే గుడ్డు వరసగా 6.10, 6.05, దాదాపు 6.05. మొదటాయనే అందరికన్నా ప్రియం. మిగతా ఇద్దరి మధ్య తేడా పైసా కూడా లేదు. కాబట్టి విడి ట్రేలు ఎవరిస్తారో, పగిలినవి ఎవరు మార్చిస్తారో చూసుకుని తేల్చుకోవచ్చు.

ఇంతవరకూ చూసిన గుణకాలు మారనివి. డజను ఎక్కడైనా పన్నెండే. మధ్యలో కొసరు అనే మర్యాద ఒకటుంది. పళ్లబండి దగ్గర డజనుకి పదమూడో పండు వేస్తే కాదనేవాళ్లెవరు? కానీ పట్టికలో డజను ఎదుట 13 రాయకూడదు. కొసరుని సరుకు అందిన కాలమ్‌లో చూపాలి, ఆర్డర్ లెక్కలోకి రానివ్వకూడదు. ఇవ్వాళ ఇచ్చిన చెయ్యి రేపు ఇవ్వకపోవచ్చు.

అసలు చిక్కు పీసుల్నీ కిలోల్నీ కలిపేటప్పుడు వస్తుంది. మన దగ్గర అరటిపళ్లు డజన్లలో అమ్మడం అలవాటు, టోకు సరఫరాదారు కిలోల్లో ధర చెప్పడమూ మామూలే. అదే హాస్టల్లో ఆదివారం మనిషికో పండు ఇవ్వాలంటే 240 పళ్లు, అంటే ఇరవై డజన్లు. సరఫరాదారు కిలోల్లో ఆర్డరు పెట్టమంటాడు. స్టోర్ కీపరు మూడు డజన్లు, అంటే 36 పళ్లు తూచి చూస్తే 4.5 కిలోలు వచ్చాయి. పండు 125 గ్రాములు, కిలోకి ఎనిమిది. ఆ లెక్కన 30 కిలోలు చాలు. లెక్క సరైందే, అయితే అది ఆ రోజు తూచిన పళ్లకి. పైవారం కాస్త లావు పళ్లు వచ్చి సగటున 150 గ్రాములు తూగితే అదే 30 కిలోల్లో పళ్లు 200. నలభై మంది పిల్లలకి పండు లేదు. చిన్నవి వచ్చి 100 గ్రాములు తూగితే 300 పళ్లు, అరవై మిగులు. చక్కరకేళికీ అమృతపాణికీ ఒకే గుణకం నడవదు, ఒకే రకంలోనైనా గెల గెలకీ తేడా ఉంటుంది.

కాబట్టి 30 ట్రేకి ఉన్న హోదా, కిలోకి ఎనిమిది అన్న అంకెకి ఇవ్వకూడదు. అది సగటు మాత్రమే. పట్టికలో దాని పక్కన “సగటు” అని ఒక మాట, తూచిన తేదీ రాసి పెట్టుకోవాలి. రకం మారినప్పుడల్లా, సీజను మారినప్పుడల్లా ఓ రెండు మూడు డజన్లు మళ్లీ తూచాలి. ఒక్క పండు తూచి సగటు కట్టకూడదు. నిజానికి తలకొకటి పంచే సరుకుని కిలోల్లో ఆర్డరు పెట్టడమే తప్పు. డబ్బు కిలోల్లో ఇచ్చినా, ఒప్పందంలో “240కి తగ్గకుండా” అని సంఖ్య రాయించుకోవాలి. ఫ్రూట్ సలాడ్‌కో, కూరకో అయితే కిలోయే సరైన కొలత, అక్కడ సంఖ్యతో పనిలేదు. కొబ్బరికాయలకీ ఇదే వర్తిస్తుంది. పూజకైతే కాయలు లెక్కపెట్టుకోవాలి, పచ్చడికైతే కొబ్బరి తూకం చూడాలి.

నూనెది ఇంకో రకం తికమక. లీటరూ కిలో ఒకటేనని వంటింట్లో చాలామంది అనుకుంటారు. నీళ్ల విషయంలో అది దాదాపు నిజమే. నూనె నీళ్లకన్నా తేలిక, లీటరు సుమారు 910 గ్రాములు. లీటరు ప్యాకెట్ల మీద 910 గ్రాములని ముద్రించి ఉండటం ఇందుకే. ఇప్పుడు ఇద్దరు వ్యాపారుల్ని పోల్చి చూడండి. ఒకరు 15 కిలోల టిన్ను 2,100 రూపాయలంటారు, మరొకరు 15 లీటర్ల టిన్ను 1,980 అంటారు. షీటులో యూనిట్ “టిన్ను” అనే ఉంటే రెండోదే 120 రూపాయలు చవక. మూల కొలత కిలో అని పెట్టుకుంటే, 15 లీటర్లంటే 13.65 కిలోలు. మొదటిది కిలో 140, రెండోది కిలో 145 రూపాయలు. చవకనుకున్నదే ప్రియం. ధరలు ఇక్కడ లెక్క కోసం వేసుకున్నవే గానీ, రెండు రకాల టిన్నులూ మార్కెట్లో ఉన్నవే.

నూనె లెక్కలో వేడిని కూడా చూడాలి. వేడెక్కితే నూనె వ్యాకోచిస్తుంది, అదే లీటరు బరువు తగ్గుతుంది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర సుమారు 919 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములు. కొన్ని కంపెనీలు లేబుల్ మీద ఎక్కువ ఉష్ణోగ్రత రాసి పరిమాణం చూపుతుండటంతో, 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి, పరిమాణంతో పాటు బరువు కూడా సరిగ్గా చూపాలని కంపెనీలకు చెప్పింది. షీటు రాసేవాళ్లకు దీనితో పని తేలికైంది. గుణకం ఊహించక్కర్లేదు, టిన్ను మీది నికర బరువు చూసి రాసుకుంటే చాలు.

ఇక బస్తా. బియ్యం బస్తా అంటే 25 కిలోలని తెలుగు ఇళ్లలో స్థిరపడిపోయింది. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్, లేబుల్ సరుకు మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ గీత దాటడానికి 26 కిలోల బస్తాలు బజారులోకి దిగాయి. బస్తా పేరు మారలేదు, చూపుకీ తేడా లేదు. లోపల కిలో పెరిగింది. నెలకి 40 బస్తాలు కొనే మెస్‌కి ఇది 40 కిలోల తేడా.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. పట్టికలోకి వెళ్లి బస్తా ఎదుట 25 కొట్టేసి 26 రాస్తారు. ఈ నెల లెక్క సరిగ్గా వస్తుంది. కానీ అదే ఫైలులో గత ఆరు నెలల ఆర్డర్లు ఉంటే, సూత్రాలన్నీ కొత్త గుణకాన్ని తీసుకుని పాత లెక్కల్ని తిరగరాస్తాయి. 240 బస్తాలు, 6,000 కిలోలు కొన్నచోట షీటు 6,240 చూపిస్తుంది. ఎప్పుడూ కొనని 240 కిలోల బియ్యం కాగితం మీద పుడతాయి. ఏడాది చివర నిల్వ తూచినప్పుడు అవి స్టోర్ కీపరు మెడకు చుట్టుకుంటాయి. కార్టన్‌లో ప్యాకెట్ల సంఖ్య మార్చడం, ప్యాకెట్లో గ్రాములు తగ్గించడం కంపెనీలకు మామూలే కనుక ఈ ప్రమాదం బియ్యంతో ఆగదు.

దీనికి మందు, గుణకాన్ని ఎప్పుడూ దిద్దకపోవడం. సరుకు సైజు మారితే కొత్త యూనిట్‌గా కొత్త వరుస చేర్చాలి. పేరులోనే అంకె పెట్టేయాలి: బస్తా-25, బస్తా-26, కార్టన్-120, కార్టన్-96, టిన్ను-15కిలో, టిన్ను-15లీ. పాత ఆర్డర్లు పాత పేరుతో పాత గుణకాన్నే పట్టుకుని ఉంటాయి. ఇండెంటు చదివే వ్యాపారికి కూడా తాను పంపాల్సిందేమిటో పేరులోనే తెలిసిపోతుంది. చూడ్డానికి కాస్త మోటుగా ఉన్నా, ఈ మొత్తం ఏర్పాటులో ఎక్కువ కాపాడేది ఈ చిన్న పద్ధతే.

షీటులో తప్పు దూరిందేమో కనిపెట్టడానికి ఒక తేలిక దారి, మూల కొలత కాలమ్‌ని మనుషుల సంఖ్యతో భాగించి చూడటం. 900 గుడ్లని 240తో భాగిస్తే తలకి 3.75 వస్తుంది. పాత స్టాకు 77 కలిపితే నాలుగు చిల్లర, అది నమ్మదగ్గ సంఖ్య. అదే చోట పది కనిపిస్తే ట్రేలూ డజన్లూ తారుమారైనట్టే. పోయిన వారంతో పోల్చినప్పుడు తేడా సరిగ్గా రెండింతలో, పన్నెండింతలో, రెండున్నర రెట్లో ఉంటే అది వాడకం పెరగడం కాదు, యూనిట్ మారడం. వాడకం ఎప్పుడూ అంత గుండుగా పెరగదు.

సరుకు దిగినప్పుడు ప్రతి రకంలో ఒక కార్టన్ విప్పి లెక్కపెట్టి, ఒక బస్తా తూచి, ఆ అంకెని పట్టికతో సరిపోల్చుకోండి. మీ షీటులో యూనిట్లు కలగాపులగంగా ఉన్న పరిమాణం కాలమ్ అడుగున “మొత్తం” గడి ఉంటే, వచ్చే ఇండెంటు రాసేలోపే దాన్ని చెరిపేయండి.